పేరాగ్రాఫుల ప్రకటనను ఒక్క పేజీ పోస్టరుగా మార్చడం: ఏది పెద్దగా, ఏది చిన్నగా, ఎందుకు

ప్రశ్న: నమస్కారమండీ. మాది చిత్తూరు జిల్లాలో ఒక చిన్న మామిడి రైతుల సంఘం. ఈ కింది ప్రకటన మా కార్యదర్శిగారు రాసి ఇచ్చారు. దీన్ని ఏ3 సైజు పోస్టరుగా చేసి పాల కేంద్రాల దగ్గర, ఎరువుల అంగళ్ల దగ్గర అంటించాలి, వాట్సాప్‌లో కూడా పంపాలి. నేను పేర్చి చూస్తే పేజీ నిండా అక్షరాలే. చిన్నవి చేస్తే కనబడవు, పెద్దవి చేస్తే పట్టవు. ఏది పెద్దగా పెట్టాలి, ఏది తీసేయాలి?

‘రైతు సోదర సోదరీమణులకు విజ్ఞప్తి. మన చిత్తూరు జిల్లా తోతాపురి మామిడికి పెట్టింది పేరన్న సంగతి అందరికీ విదితమే. అయితే పాత తోటల్లో కొమ్మలు గుబురుగా పెరిగి, లోపలికి ఎండ సోకక, కాపు తగ్గిపోతున్న ప్రస్తుత పరిస్థితుల్లో, రైతులకు సరైన అవగాహన కల్పించాలనే సదుద్దేశంతో మా సంఘం ఆధ్వర్యంలో ఆగస్టు 9వ తేదీ ఆదివారం ఉదయం 8 గంటల నుండి మధ్యాహ్నం 1 గంట వరకు, పూతలపట్టు కూడలి నుండి పాకాల వెళ్లే దారిలో 2 కిలోమీటర్ల దూరంలో ఎడమచేతి వైపున గల సంఘ భవనం వెనుక తోటలో, ఉద్యాన శాస్త్రవేత్తల పర్యవేక్షణలో మామిడి కొమ్మల కత్తిరింపుపై అవగాహనా సదస్సు మరియు ప్రత్యక్ష ప్రదర్శనా కార్యక్రమము నిర్వహించబడును. 60 మందికి మాత్రమే అవకాశం కలదు గనుక ముందుగా ఫోన్ చేసి పేరు నమోదు చేసుకోగలరు. ప్రవేశం ఉచితం. మధ్యాహ్న భోజన వసతి కలదు. కత్తెర, చేతి రంపం ఉన్నవారు వెంట తెచ్చుకోగలరు.’

దీని కింద పదకొండు మంది అతిథుల పేర్లు, హోదాలు ఉన్నాయి.

సమాధానం:

ముందు కంప్యూటరును పక్కన పెట్టి, ఈ ప్రకటనను తెల్లకాగితం మీద అచ్చు తీసుకుని, పెన్సిలు చేతబట్టుకోండి. ఏ అక్షరం ఎంత పెద్దగా ఉండాలన్నది తేలేది అక్కడే. తెర మీద పేర్చడం మొదలుపెట్టాక, ఉన్న మాటలన్నింటికీ ఎలాగోలా చోటు చూపించాలన్న ఆరాటం తప్ప, ఈ మాట అసలెందుకు ఉండాలన్న ఆలోచన రాదు. తిరుపతిలో చాలాకాలంగా డీటీపీ, పోస్టర్ల పని చేస్తున్నవాడిగా చెబుతున్నాను: నా దగ్గరికి వచ్చే ‘అక్షరాలు పట్టడం లేదు’ అనే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం కాగితం దగ్గర తేలిపోయేవే.

ఈ పోస్టరును ఎవరు, ఎంత దూరం నుంచి చూస్తారో మొదట అనుకోండి. ఎరువుల అంగడి ముందు నుంచి ద్విచక్ర వాహనం మీద వెళ్లే రైతు ఏడెనిమిది అడుగుల దూరం నుంచి ఒక్క చూపు చూస్తాడు. ఆ చూపులో ‘ఇది నా పనికి సంబంధించినదేనా’ అన్నది మాత్రమే తేల్చుకుంటాడు. తనదే అనిపిస్తే బండి ఆపి, నాలుగడుగుల దూరానికి వచ్చి, ఎప్పుడు, ఎక్కడ, ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి చూస్తాడు. పాల కేంద్రంలో క్యాను పక్కన పెట్టుకుని తన వంతు కోసం నిలబడిన మనిషికి చేతికందే దూరంలో గోడ ఉంటుంది, తీరిక కూడా ఉంటుంది కాబట్టి, భోజనం ఉందా, ఏమి తెచ్చుకోవాలి అన్నవి కూడా చదువుతాడు. ఈ మూడు దూరాలే మీ పోస్టరుకు మూడు మెట్లు. నాలుగో మెట్టు పెట్టవద్దు. నాలుగైదు రకాల సైజులు కనబడగానే కన్ను దేన్నీ ముందుగా పట్టుకోలేక తికమకపడుతుంది, మళ్లీ అన్నీ సమానమైపోతాయి.

ఇప్పుడు పెన్సిలుతో ప్రకటన చదవండి. పైన చెప్పిన ప్రశ్నల్లో దేనికైనా జవాబు చెప్పే ముక్క కింద గీత గీసి, పక్కన ఒకటో, రెండో, మూడో మెట్టు సంఖ్య వేయండి. దేనికీ జవాబు చెప్పని ముక్కను అలాగే వదిలేయండి. మీ ప్రకటనలో మొదటి రెండు వాక్యాల కింద ఒక్క గీత కూడా పడదు. చిత్తూరు జిల్లా తోతాపురికి పెట్టింది పేరన్న సంగతి చిత్తూరు జిల్లా మామిడి రైతుకు పోస్టరు వేసి చెప్పనక్కరలేదు. ‘సదుద్దేశంతో’, ‘ప్రస్తుత పరిస్థితుల్లో’, ‘ఆధ్వర్యంలో’ అన్నవి మైకులో చదివేటప్పుడు ఊపిరి తీసుకోవడానికి పనికొస్తాయి కాని గోడ మీద చోటు తింటాయి.

అయితే ఆ పనికిరాని భాగం మధ్యలోనే ఒక ముక్క ఉంది, దాన్ని మాత్రం పారేయకండి: ‘కొమ్మలు గుబురుగా పెరిగి, లోపలికి ఎండ సోకక, కాపు తగ్గిపోతున్న’. రైతు తన తోటను గుర్తుపట్టేది ఈ మాటల్లోనే. ‘అవగాహనా సదస్సు’ అన్న మాట ఏ విషయానికైనా సరిపోతుంది, అందుకే అది ఎవరినీ ఆపదు. ‘చెట్టు గుబురై కాపు తగ్గిందా?’ అన్న చిన్న ప్రశ్న మాత్రం సరైన మనిషిని ఆపుతుంది. దీన్ని మూడో మెట్టు నుంచి రెండో మెట్టుకు ఎక్కించడం నా సలహా.

ప్రకటనలో అసలు కబురు ఎక్కడుందో కూడా గమనించండి. తెలుగు వాక్యంలో క్రియ చివరికి వస్తుంది, దానికి ముందు ఎన్ని విశేషణాలైనా చేరుతూ పోవచ్చు. మీ కార్యదర్శిగారి పెద్ద వాక్యంలో కారణం, ఉద్దేశం, తేదీ, వేళ, దారి, పర్యవేక్షణ అన్నీ దాటిన తర్వాత గాని ‘కొమ్మల కత్తిరింపు’ అన్న మాట రాదు. చదువరికి కావలసిన మొదటి మాట వాక్యంలో చిట్టచివర ఉందన్నమాట. అందువల్ల ఆ వాక్యాన్ని కుదించడానికి ప్రయత్నించవద్దు, విరిచేయండి. ‘నిర్వహించబడును’, ‘కలదు’, ‘చేసుకోగలరు’ అన్న క్రియలన్నీ తీసేస్తే మిగిలే నామపదాల ముక్కలే పోస్టరు సరుకు. ఉదాహరణకు ‘మధ్యాహ్న భోజన వసతి కలదు’ అన్నది ‘భోజనం ఉంది’ అవుతుంది, ‘60 మందికి మాత్రమే అవకాశం కలదు గనుక ముందుగా ఫోన్ చేసి పేరు నమోదు చేసుకోగలరు’ అన్నది ‘60 మందికే చోటు. ముందుగా ఫోన్ చేయండి’ అవుతుంది.

ఈ పని పూర్తయ్యాక మీ ప్రకటన నా లెక్కన ఇలా మిగులుతుంది.

మొదటి మెట్టు, రెండు వరుసలు:

మామిడి
కొమ్మల కత్తిరింపు

రెండో మెట్టు, ఐదు వరుసలు:

చెట్టు గుబురై కాపు తగ్గిందా?
తోటలోనే ఉచిత శిక్షణ
ఆగస్టు 9, ఆదివారం ఉదయం 8
పూతలపట్టు, సంఘం తోట
ఫోన్: మీ నంబరు

మూడో మెట్టు, ఐదారు వరుసలు:

దారి: పూతలపట్టు కూడలి నుంచి పాకాల వైపు 2 కి.మీ., ఎడమచేతి పక్క, సంఘ భవనం వెనుక
ఉద్యాన శాస్త్రవేత్తలు దగ్గరుండి చూపిస్తారు. మధ్యాహ్నం 1 గంట వరకు. భోజనం ఉంది
కత్తెర, చేతి రంపం ఉంటే తెచ్చుకోండి
60 మందికే చోటు. ముందుగా ఫోన్ చేయండి
సంఘం పేరు

సంఘం పేరును అట్టడుగున పెట్టానని మీవాళ్లు నొచ్చుకోవచ్చు. పూతలపట్టు చుట్టుపక్కల మీ సంఘం అంటే అందరికీ గురి ఉన్నదైతే, పేరు చూసే మనుషులు ఆగుతారనుకుంటే, అప్పుడు దాన్ని ‘తోటలోనే ఉచిత శిక్షణ’ పైన చిన్నగా పెట్టవచ్చు. కాని పోస్టరు నెత్తిన, పేజీ వెడల్పంతా, రిజిస్ట్రేషన్ నంబరుతో సహా పెట్టడం మాత్రం వద్దు. గోడ మీద కన్ను మొదట పడేది పై మూడో వంతు మీదనే. ఆ చోటును సంఘం పేరుకు ఇచ్చేస్తే మామిడి మధ్యలోకి జారిపోతుంది.

ముగిసే వేళను మూడో మెట్టుకు దించడం కూడా కావాలని చేసినదే. రావాలా వద్దా అని తేల్చుకునేవాడికి మొదలయ్యే వేళ కావాలి, వచ్చేవాడికి ముగిసే వేళ కావాలి. రెండూ ఒకే వరుసలో పక్కపక్కన ఉంటే ‘ఉదయం 8 గంటల నుండి మధ్యాహ్నం 1 గంట వరకు’ అన్నది తేదీకంటే పొడుగై తేదీని మింగేస్తుంది. తేదీని ‘09-08’ అని కాకుండా నెల పేరుతో, వారంతో సహా రాయండి. పల్లెల్లో ఆదివారం అన్న మాటే ముందు గుర్తుంటుంది, తేదీ ఆ తర్వాత.

ఇక సైజుల సంగతి. ఏ3 కాగితం 297 మిల్లీమీటర్ల వెడల్పు, 420 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. నాలుగు వైపులా 20 మిల్లీమీటర్లు అంచు వదలండి. మొదటి మెట్టుకు 120 పాయింట్లు, రెండో మెట్టుకు 56, మూడో మెట్టుకు 26 పెట్టి మొదలుపెట్టండి. ఒక మెట్టుకూ దాని పై మెట్టుకూ సుమారు రెట్టింపు తేడా ఉండాలన్నది ఇందులోని సూత్రం. 56 పక్కన 48 పెడితే అది ఇంకొక మెట్టులా కనిపించదు, అచ్చులో ఏదో పొరపాటు జరిగినట్టు కనిపిస్తుంది. రెండో మెట్టులో ఒక వరుస వెడల్పు పట్టకపోతే ఆ ఒక్క వరుసను చిన్నది చేయకండి. మాటలు తగ్గించండి, లేదా ఆ మెట్టులోని వరుసలన్నింటినీ కలిపి 50కి దించండి.

పాయింట్ల సంఖ్యను మాత్రం గుడ్డిగా నమ్మవద్దు. తెలుగు ఫాంటులో పైన గుడి, ఏత్వం, కింద వత్తు పట్టడానికి చోటు విడిచిపెట్టాలి కాబట్టి, అసలు అక్షరం ఒళ్లు పాయింటు సైజులో సుమారు సగమే ఉంటుంది, అది కూడా ఫాంటును బట్టి మారుతుంది. 120 పాయింట్లంటే దాదాపు 42 మిల్లీమీటర్లు, అందులో ‘మ’ అక్షరం ఒళ్లు 20 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. బోర్డులు రాసేవాళ్లలో అంగుళం ఎత్తు అక్షరం పది అడుగుల దూరం నుంచి హాయిగా కనబడుతుందని ఒక మోటు లెక్క ఉంది. దాని ప్రకారం 20 మిల్లీమీటర్ల అక్షరం ఎనిమిది అడుగుల నుంచి సుఖంగా కనబడుతుంది, ఎరువుల అంగడి ముందు మనకు కావలసింది అంతే. అందుకని అచ్చు తీసిన తర్వాత స్కేలు పెట్టి ‘మ’ ఒళ్లును కొలవండి, తెర మీద కనబడే సంఖ్యను కాదు.

వరుసల మధ్య ఎడం విషయంలో తెలుగుకు ఇంగ్లీషు అలవాటు పనికిరాదు. చాలా సాఫ్ట్‌వేర్లు తమంతట తాముగా పెట్టే 1.2 రెట్ల ఎడంలో పై వరుస వత్తులు కింది వరుస గుడులను తాకుతాయి. మూడో మెట్టులో 1.4 రెట్లు పెట్టండి. శీర్షికలో మాత్రం లెక్కతో పని లేదు, అక్షరాలను చూసి సర్దాలి. మన శీర్షికనే చూడండి. ‘మామిడి’లో ఒక్క వత్తు కూడా లేదు, దాని అడుగు చదునుగా ఉంది. కాబట్టి రెండో వరుసను దానికి దగ్గరగా జరపవచ్చు, ఆ రెండూ ఒకే మాటగా కనబడతాయి కూడా. ‘కొమ్మల కత్తిరింపు’లో మాత్రం మ-వత్తు, త-వత్తు రెండూ కిందికి దిగుతాయి. దాని కింద వచ్చే ప్రశ్న వరుసకూ దీనికీ మధ్య బాగా చోటు వదలాలి. ఇలా సర్దినప్పుడు శీర్షిక ఒక ముద్దగా నిలిచి, మిగతా విషయం నుంచి దానంతట అదే విడిపోతుంది. గీతలు, పెట్టెలు గీయనక్కరలేదు.

చోటు లెక్క వేసి చూపిస్తాను. శీర్షిక రెండు వరుసలకు దాదాపు 105 మిల్లీమీటర్లు, రెండో మెట్టు ఐదు వరుసలకు 140, మూడో మెట్టు ఆరు వరుసలకు 77, అంచులకు 40. మొత్తం 362. అంటే కాగితం ఎత్తులో 58 మిల్లీమీటర్లు ఖాళీగా మిగులుతుంది. ఈ ఖాళీని అన్ని వరుసల మధ్య సమానంగా పంచేయడం చాలామంది చేసే పని, అది పోస్టరును మళ్లీ పేరాగ్రాఫుగా మార్చేస్తుంది. ఖాళీని గుంపుల మధ్య మాత్రమే పెట్టండి. ప్రశ్న, ఉచిత శిక్షణ ఒక గుంపు. తేదీ, చోటు ఒక గుంపు. ఫోన్ నంబరు ఒంటరిగా ఒక గుంపు. ఆ తర్వాత మూడో మెట్టు అంతా ఒక గుంపు. శీర్షికతో కలిపి ఐదు గుంపులు, వాటి మధ్య నాలుగు ఖాళీలు. శీర్షిక కింద 18 మిల్లీమీటర్లు, మిగతా మూడింటికీ తలా 13 ఇస్తే సరిపోతుంది. గుంపు లోపలి ఎడం కంటే గుంపుల మధ్య ఎడం స్పష్టంగా ఎక్కువ ఉంటే, చదువరి కన్ను తేదీనీ చోటునూ ఒకే విషయంగా ఒకేసారి పట్టుకుంటుంది. అన్ని వరుసలనూ పేజీ మధ్యకు చేర్చడం మనవాళ్లకు పెళ్లిపత్రికల నుంచి వచ్చిన అలవాటు. ఇక్కడ అన్నింటినీ ఎడమ అంచుకు చేర్చండి. ప్రతి వరుసా ఒకే చోట మొదలైతే, తేదీ కోసం వెతికే కన్ను నిలువుగా దిగితే చాలు.

ఈ లెక్కలో బొమ్మకు చోటు లేదని మీరు గమనించే ఉంటారు. బొమ్మ లేకుండానే వేయమని నా అభిప్రాయం. మామిడికాయల ఫోటో పెట్టాలని అందరికీ మొదట తోస్తుంది. కాని కాయల ఫోటో ఉన్న పోస్టరును దూరం నుంచి చూసినవాడు మామిడి అమ్మకమనో, మండీ ప్రకటననో, నర్సరీ వాళ్లదనో అనుకుని వెళ్లిపోతాడు. బొమ్మ తప్పదనుకుంటే కొమ్మ మీద రంపం పెట్టిన చేతి ఫోటో ఒక్కటి, దగ్గర నుంచి తీసినది పెట్టండి. దానికోసం మూడో మెట్టులో రెండు వరుసలు తగ్గించుకోవాలి. అక్షరాలను ఫోటో మీదికి ఎక్కించవద్దు, ఆకుల మీద అక్షరం నిలవదు. ఫోటోను వాట్సాప్‌లో మామూలుగా తెప్పించుకుంటే అది కుదించుకుపోయి వస్తుంది కాబట్టి, డాక్యుమెంటుగా పంపమనండి.

రంగులు రెండు చాలు. అక్షరాలన్నీ నలుపు, శీర్షికకూ ఫోన్ నంబరుకూ మాత్రం ఒక ముదురు రంగు, ముదురు ఆకుపచ్చ అనుకోండి. మామిడి అనగానే పసుపు గుర్తొస్తుంది. పసుపు అక్షరం తెల్లకాగితం మీద ఎండలో అసలు కనబడదు. పసుపే కావాలంటే శీర్షిక వెనుక పట్టీగా వేసి, దాని మీద నల్ల అక్షరం పెట్టండి, అది చాలా దూరం కనబడుతుంది. రంగు ఎంచుకున్నాక ఒకసారి నలుపు తెలుపులో అచ్చు తీసి చూడండి. ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన పెట్టినచోట రెండూ ఒకే బూడిదరంగులోకి మారిపోతే, ఆ రెండింటి మధ్య తేడా మీరు అనుకున్నంత లేదని అర్థం. అక్షరాల చుట్టూ తెల్ల అంచు, నీడ, మెరుపు వంటివి వేస్తామని అంగట్లో అడుగుతారు, వద్దనండి.

ఫాంటు విషయంలో కూడా తెలుగు లిపి కొన్ని దారులు మూసేస్తుంది. ఇంగ్లీషులో ముఖ్యమైన మాటను పెద్దబడి అక్షరాల్లో రాయవచ్చు, మనకు ఆ సౌకర్యం లేదు. కింద గీత గీస్తే అది వత్తుల మీదుగా పోయి వాటిని కోసేస్తుంది. అక్షరాన్ని పక్కకు వాల్చడం తెలుగుకు నప్పదు. మిగిలేవి సైజు, మందం, రంగు, ఖాళీ, ఈ నాలుగే. మందమైన అక్షరం పెద్ద సైజులోనే పనిచేస్తుంది. 26 పాయింట్లలో బాగా లావు అక్షరం పెడితే ‘మ’, ‘ష’ లోపలి చిన్న ఖాళీలు సిరాతో పూడిపోయి ఏ అక్షరమో తెలియదు. శీర్షికకు రామభద్ర ఫాంటు, మిగతా రెండు మెట్లకు అనేక్ తెలుగు ఫాంటులో రెండో మెట్టుకు మందమైనది, మూడో మెట్టుకు మామూలుది తీసుకోండి. రెండూ యూనికోడ్ ఫాంటులే, ఉచితంగా దొరుకుతాయి. పొడుగు మాట పట్టడం లేదని అక్షరాన్ని అడ్డంగా నొక్కి సన్నం చేయడం మాత్రం ఎప్పుడూ వద్దు, గుండ్రని తెలుగు అక్షరం కోడిగుడ్డు ఆకారంలోకి పోతుంది.

ఇప్పుడు అసలు చిక్కు, పదకొండు మంది అతిథులు. చోటు లెక్క మళ్లీ చూడండి. ఒక్కొక్క పేరుకు, హోదాకు ఒక వరుస చొప్పున మూడో మెట్టులో పెట్టినా దాదాపు 140 మిల్లీమీటర్లు కావాలి. అంటే రెండో మెట్టు మొత్తం తీసుకున్నంత చోటు. ఫోటోలు కూడా పెట్టమంటే పోస్టరు ఇక శిక్షణ గురించి కాదు. దీన్ని సంఘంలో వాదించి గెలవడం కష్టం, ఎందుకంటే పేరు లేకపోతే నొచ్చుకుంటారన్న భయం నిజమైనదే. కాబట్టి పేర్లు తీసేద్దామని చెప్పకండి, పేర్లకు తగిన చోటు వేరే ఉందని చెప్పండి. అతిథికి ఇచ్చే ఆహ్వాన పత్రికలో ఆయన పేరు, హోదా పూర్తిగా ఉంటాయి. తోటలో వేదిక వెనుక కట్టే ఫ్లెక్సీలో పేర్లు, ఫోటోలు ఉంటాయి, పత్రికల్లో వచ్చేది కూడా ఆ ఫ్లెక్సీ ముందు తీసిన ఫోటోనే. గోడ మీది పోస్టరు అతిథులు చదివేది కాదు, రావలసిన రైతులు చదివేది. కార్యదర్శిగారికి ఈ మూడు కాగితాలనూ ఒకేసారి, పక్కపక్కన పెట్టి చూపిస్తే మాట సులువుగా సాగుతుంది. వట్టి పోస్టరు ఒక్కటే చూపిస్తే పేర్లేవి అన్నదే మొదటి ప్రశ్న అవుతుంది.

అయినా ఒప్పుకోకపోతే, అట్టడుగున ఒక్క గుంపుగా, హోదాలు లేకుండా, కామాలతో వరుసగా, అందరివీ ఒకే సైజులో రాయండి. అప్పుడు మూడు వరుసల్లో సరిపోతుంది. ఒకరి పేరు కొంచెం పెద్దది చేశారంటే మిగిలిన పదిమందీ అడుగుతారు, నాలుగో మెట్టు, ఐదో మెట్టు అలా పుడతాయి. శిక్షణ ఇచ్చే శాస్త్రవేత్తలు ఈ లెక్కలోకి రారు. వాళ్లెవరన్నది రైతు రావడానికి ఒక కారణం కాబట్టి వాళ్ల ప్రస్తావన పైనే ఉంటుంది.

వాట్సాప్‌కు ఇదే బొమ్మను పంపితే ఏమవుతుందో కూడా లెక్క వేయాలి. ఫోను తెర వెడల్పు ఆరున్నర సెంటీమీటర్ల చుట్టూ ఉంటుంది, అంటే ఏ3 వెడల్పు అక్కడ దాదాపు నాలుగున్నర రెట్లు కుదిస్తుంది. 120 పాయింట్లు 27 అవుతాయి, 56 పాయింట్లు 12 అవుతాయి, ఈ రెండూ చదవవచ్చు. 26 మాత్రం 6 కంటే తక్కువకు పడిపోతుంది, వేళ్లతో సాగదీస్తే తప్ప కనబడదు. ఫోన్ నంబరును రెండో మెట్టులో ఉంచమన్నది అందుకే. మూడో మెట్టులోని విషయాన్ని బొమ్మ కింద మామూలు సందేశంగా టైపు చేసి పంపండి, ఫోన్ నంబరును కూడా అక్కడ మళ్లీ రాయండి. బొమ్మలోని నంబరును చూసి మళ్లీ నొక్కుకోవాలి, సందేశంలోని నంబరు మీద వేలు పెడితే చాలు. దారికి గూగుల్ మ్యాప్ లింకు ఇవ్వవలసిన చోటు కూడా అదే. గోడ మీద లింకు పెట్టినా ఎవరూ టైపు చేయరు.

అచ్చుకు ఇచ్చే ముందు ఇంటి దగ్గరే పరీక్షించవచ్చు. ఏ3ను ఏ4 కాగితం మీద అచ్చు తీస్తే అది సుమారు 71 శాతానికి తగ్గుతుంది. కాబట్టి ఏ4ను ఐదున్నర అడుగుల నుంచి చూడటం, అసలు పోస్టరును ఎనిమిది అడుగుల నుంచి చూడటం దాదాపు ఒకటే. గోడకు అంటించి అంత దూరం నిలబడి, కళ్లు సగం మూసి చూడండి. నల్లని ముద్దలు మూడు నాలుగు విడివిడిగా, పైది అన్నింటికంటే పెద్దదిగా కనబడాలి. మొత్తం ఒకే బూడిదరంగు పలకలా కనబడితే మెట్ల మధ్య తేడా చాలలేదు, లేదా ఖాళీ సమానంగా పంచేశారు. తర్వాత ఈ సంగతి ఏమీ తెలియని ఒక మనిషికి ఐదు సెకన్లు చూపించి, మూసేసి, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ అని అడగండి. ‘ఏమిటి’ చెప్పలేకపోతే శీర్షికలో తప్పుంది. ‘ఎప్పుడు’ చెప్పలేకపోతే తేదీ పక్కన దానితో పోటీపడేది ఏదో ఉంది, దాన్ని దించండి. తేదీని మాత్రం పెంచకండి. ఒకటి కనబడకపోతే దాన్ని పెంచడం, ఆ తర్వాత మరొకటి కనబడక దాన్నీ పెంచడం, ఈ వరసలోనే పోస్టర్లు నిండిపోతాయి.

చివరిగా డీటీపీ అంగడి. మన ప్రాంతంలో చాలా అంగళ్లలో ఇప్పటికీ అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లోనో, కోరల్‌డ్రాలోనో పని చేస్తారు. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు కాబట్టి, మీరు ఫోనులో పంపిన మాటలను అక్కడ అతికిస్తే అర్థం లేని గుర్తులు వస్తాయి, ఆపరేటరు మొత్తం మళ్లీ టైపు చేస్తాడు, తప్పులు పడేది అప్పుడే. మీరే యూనికోడ్‌లో పేర్చి, పీడీఎఫ్‌గా ఇస్తే ఆ బెడద ఉండదు. కోరల్‌డ్రా ఫైలే ఇవ్వవలసి వస్తే, ఒక కాపీ విడిగా దాచుకుని, ఇచ్చే కాపీలో అక్షరాలన్నింటినీ ఎంచుకుని `Ctrl+Q` నొక్కితే అవి గీతలుగా మారిపోతాయి, అవతలి కంప్యూటరులో ఆ ఫాంటు లేకపోయినా చెదరవు. ఫోటోషాప్‌లో పేర్చినవాటిలో వత్తులు విడిపోయి పక్కన పడటం తరచుగా కనిపిస్తుంది. దక్షిణాసియా లిపులకు వేరే ఉన్న సెట్టింగు పెట్టకపోవడమే దానికి కారణం. మీ పోస్టరులో ‘శిక్షణ’, ‘కొమ్మల’, ‘కత్తిరింపు’, ‘శాస్త్రవేత్తలు’ అన్న నాలుగు మాటలు చూస్తే చాలు, అవి సరిగ్గా ఉంటే మిగిలినవి కూడా ఉంటాయి.

మొదటి కాపీ చేతికి రాగానే మూడు అంకెల చోట్లు చూడండి: తేదీ, వేళ, ఫోన్ నంబరు. తేదీకి రాసిన వారం సరిపోతుందో లేదో క్యాలెండరులో చూడండి. ఫోన్ నంబరును మీ జ్ఞాపకంతో పోల్చవద్దు, ఆ కాగితం మీద ఉన్న అంకెలను చూస్తూ ఒక్కొక్కటీ నొక్కి ఫోన్ చేయండి. మీ సంఘం మనిషే ఎత్తితే మిగతా కాపీలు అచ్చు వేయమని చెప్పవచ్చు.